అప్‌డేట్: హోమ్ లోన్ షెడ్యూల్‌లో వడ్డీ నెలనెలా ఎందుకు తగ్గుతోంది?

నేను అడిగింది: "ఈఎంఐ మారడం లేదు, వడ్డీ రేటూ మారలేదు. మరి షెడ్యూల్‌లో వడ్డీ కాలమ్ ప్రతినెలా ఎందుకు తగ్గుతోంది?"

మీరు చెప్పినట్టే కాగితం మీద లెక్కేశాను. 30 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఈఎంఐ 26,992. మొదటి నెల వడ్డీ 30 లక్షల మీద 9 శాతంలో పన్నెండో వంతు, 0.75 శాతం, అంటే 22,500. మిగిలిన 4,492 మాత్రమే అసలుకు జమ. రెండో నెల వడ్డీ 29,95,508 మీదే పడుతుంది కాబట్టి 22,466కు దిగింది. ఆ తగ్గిన 34 రూపాయలు అసలు వైపు చేరాయి. అలా అసలు వాటా నెలకు 0.75 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది.

అయినా అసలు వాటా సగం దాటేది 149వ వాయిదాలోనే, అంటే పన్నెండేళ్లు గడిచాక! అందుకే ముందే కొంత కట్టేసే ఆలోచన ఉంటే తొలి ఏళ్లలోనే కట్టడం మేలు.

మీ షెడ్యూల్ సరిచూడాలంటే ఏదో ఒక వరుసలోని మిగులు బాకీని మీ నెలవారీ వడ్డీ రేటుతో, 9 శాతమైతే 0.0075తో గుణించండి. కింది వరుసలోని వడ్డీ రావాలి. రాకపోతే మధ్యలో రేటు మారిందేమో చూడండి. ఫ్లోటింగ్ రేటయితే మారిన ప్రతిసారీ కొత్త షెడ్యూల్ అడిగి తీసుకోవాలి.