ఆర్‌ఎస్‌ఏ లెక్కలో డీక్రిప్ట్ చేస్తే 9 బదులు 144 వస్తోంది, ఎక్కడ తప్పు?

శ్రావణి: ఎల్లుండి ఎగ్జామ్ అండి. p=13, q=17, e=5, మెసేజ్ 9 ఇచ్చారు. n=221 వచ్చింది, 9^5 అంటే 59049, దాన్ని 221తో భాగిస్తే శేషం 42, ఇంతవరకు ఓకే. d కోసం 5dని 221తో భాగిస్తే 1 మిగలాలి కదా అని 177 తీసుకున్నా, కానీ 42^177 చేస్తే 144 వస్తోంది, మళ్ళీ చేసినా అదే.

కిరణ్: e మార్చి చూడండి, 3 పెట్టుకుంటే లెక్క తేలిక. ప్రైమ్ అయితే చాలు, ఏదైనా పనిచేస్తుంది.

మూర్తి: e వాళ్ళే ఇచ్చాక మార్చడానికి లేదు కిరణ్ గారూ. పైగా ఇక్కడ 3 అసలు కుదరదు, φ = 12×16 = 192, అది 3తో నిశ్శేషంగా పోతుంది కాబట్టి d అనేదే దొరకదు. శ్రావణీ, నీ ఎన్‌క్రిప్షన్ అంతా కరెక్టేనమ్మా, d మాత్రం 221తో కాదు, 192తో చూడాలి. 5×177 = 885, దాన్ని 192తో భాగిస్తే 117 మిగులుతోంది, 1 కాదు. డీక్రిప్షన్ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క గుణకారం చేసి చూస్తే అంత పెద్ద లెక్క వృథా పోదు.

```
192 = 38×5 + 2
5 = 2×2 + 1
1 = 5 − 2×(192 − 38×5) = 77×5 − 2×192
```

అంటే d=77. ఇప్పుడు 77 = 64+8+4+1, కాబట్టి వరసగా స్క్వేర్ చేసుకుంటూ పో. 42^2 అంటే 1764, శేషం 217, దాన్ని −4 అని రాసుకుంటే చేతిలెక్క హాయిగా ఉంటుంది.

```
42^4 = 16    42^8 = 35    42^16 = 120
42^32 = 35   42^64 = 120
120×35 = 4200, శేషం 1
1×16×42 = 672, శేషం 9
```

శ్రావణి: వచ్చేసింది 9! థాంక్స్ సార్.

రఫీ: నాకు ఇదే లెక్కలో d=29 వచ్చింది, డీక్రిప్ట్ చేస్తే 9 కూడా వచ్చింది, అయినా మా సార్ తప్పు కొట్టారు. ఎవరిది తప్పు?

మూర్తి: 12, 16ల క.సా.గు. 48తో చేసి ఉంటావు, 5×29 = 145, 48తో శేషం 1. అది కూడా సరైన d నే బాబూ, ఆర్‌ఎస్‌ఏ స్టాండర్డ్ డాక్యుమెంట్ RFC 8017లో కూడా క.సా.గు.తోనే చెప్పారు.

కిరణ్: పేపర్లో φ(n) అని అడిగితే మాత్రం 77 రాయడమే సేఫ్.

రఫీ: మా పేపర్లో ఉత్త "d కనుక్కోండి" అనే ఉంది మరి.