పాత స్పెక్-గ్లాస్ నగలన్నీ మెటల్-రఫ్‌లోకి మార్చేయాలా?

కొండాపూర్_కుర్రాడు: మా దగ్గర 140 నగల 3డి మోడల్స్ ఉన్నాయి. అన్నీ పాత స్పెక్యులర్-గ్లాసీనెస్ పద్ధతిలో చేసినవే. బషీర్‌బాగ్‌లో ఒక నగల షాపు వాళ్లు వెబ్‌సైట్ కోసం జీఎల్‌బీలు అడుగుతున్నారు. అన్నింటినీ ఒక్క దెబ్బకి మెటాలిక్-రఫ్‌నెస్‌లోకి మార్చేయనా, వద్దా?

రెండర్ రాజు: దీనికింత టెన్షన్ ఎందుకు తమ్ముడూ? గ్లాస్ మ్యాప్‌ని తిరగేస్తే రఫ్‌నెస్. స్పెక్యులర్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి మెటాలిక్‌లో పెట్టెయ్. ఓ ఆటో మోడల్‌కి నేను అలాగే చేశాను, ఎవరూ పట్టుకోలేదు.

పద్మజ_టెక్స్చర్స్: మొదటి సగం కరెక్టే రాజు గారూ, రెండోదే కొంప ముంచుతుంది. ఎదురుగా చూస్తే ఎంత వెలుగు, ఏ రంగులో తిరిగొస్తుందో స్పెక్యులర్ మ్యాప్ చెబుతుంది. మెటాలిక్ చెప్పేది లోహమా, కాదా అన్నదొక్కటే. కాదంటే ఇంజిన్ 0.04 వేసుకుంటుంది. అవునంటే బేస్ కలర్‌నే మెరుపు రంగుగా తీసుకుంటుంది.

అందుకే బంగారంతో పేచీ లేదు. డిఫ్యూజ్ నలుపు, స్పెక్యులర్ సుమారు 255, 226, 155. ఆ రంగు బేస్ కలర్‌లోకి వెళ్తుంది, మెటాలిక్ 1 అవుతుంది, అంతే.

తంటా అంతా కెంపులతో. కెంపు వక్రీభవన గుణకం, అదే `ior`, 1.76, అంటే తిరిగొచ్చే వెలుగు 0.076. మామూలు మెటల్-రఫ్‌లో ఆ అంకెకి చోటు లేదు. రాయి డిఫ్యూజ్ ముదురు ఎరుపు, లీనియర్‌లో 0.09, 0, 0 అనుకోండి. డిఫ్యూజ్‌నీ స్పెక్యులర్‌నీ చూసి మెటాలిక్ ఊహించే క్రోనోస్ వాళ్ల కోడ్‌లో ఇవి వేస్తే 0.55 వస్తుంది. రాయి సగం లోహమైపోయింది! తిరిగి లెక్కేస్తే మెరుపులో ఎరుపు 0.11, ఆకుపచ్చ 0.036 తేలతాయి. రెండూ 0.076 ఉండాలి. తెల్ల లైటు కింద హారాన్ని తిప్పి చూడండి. కెంపు మీద చుక్క తెల్లగా కాకుండా ఎర్రగా మెరిస్తే ఇదే జరిగినట్టు.

గాజుల స్వప్న: మాకూ ఇదే గొడవ అక్కా! లాడ్‌బజార్ లక్క గాజులు చేశాను, అద్దం ముక్కల చుట్టూ సన్నటి తెల్ల గీత వస్తోంది. కెంపులు లేవు మరి.

పద్మజ_టెక్స్చర్స్: అది వేరే జబ్బు స్వప్నా. టెక్స్చర్ చిన్నది చేశారు కదా? అద్దం మెటాలిక్ 1, లక్క 0. కుదించినప్పుడు అంచు పిక్సెల్‌లో మెటాలిక్ 0.5 అవుతుంది, అద్దం తెలుపు సగం బేస్ కలర్‌లోకి వస్తుంది. సగం లోహం కాదు కాబట్టి ఆ తెలుపు రంగులా కనబడుతుంది. స్పెక్-గ్లాస్‌లో ఇదే అంచు నల్లగా తేలేది, ముదురు లక్క మీద ఎవరూ గమనించరు. అద్దం ముక్కల్ని వేరే మెష్‌గా, వేరే మెటీరియల్‌తో విడదీస్తే పోతుంది.

స్క్రిప్ట్_శీను: ఇంత లెక్కలెందుకు భాయ్? ఒక్క లైను చాలు, కెంపులూ చెడవు. నేను చూశాను.

```
gltf-transform metalrough haram.glb haram_mr.glb
```

పద్మజ_టెక్స్చర్స్: చెడవు, నిజమే. కానీ ఫైల్ తెరిచి చూశారా శీను గారూ? మెటాలిక్ అంతటా 0. మీ పాత స్పెక్యులర్ మ్యాప్ `KHR_materials_specular`లో కూర్చుంది, `KHR_materials_ior` 1000 అయింది. అంటే అది మెటల్-రఫ్ వేషం వేసుకున్న స్పెక్-గ్లాసే. three.jsకి ఈ రెండూ తెలుసు, బాగానే కనబడుతుంది. తెలియని వ్యూయర్‌లో బంగారం నల్ల ప్లాస్టిక్ అవుతుంది.

స్క్రిప్ట్_శీను: వెబ్‌సైట్‌కే కదా అడిగింది? నల్లగా ఎక్కడ కనబడుతుందో అప్పుడు చూసుకుందాం. 140 నగలకి చేత్తో మాస్కులు గీస్తే దసరా దాటిపోతుంది.

పద్మజ_టెక్స్చర్స్: అన్నీ గీయక్కర్లేదు. రాళ్లు లేని ఉత్త బంగారం గాజులు, గొలుసులు క్రోనోస్ లెక్కతోనే మార్చేయండి. రాళ్లున్నవాటిలో రాళ్లని వేరే మెటీరియల్ చేయండి: మెటాలిక్ 0, బేస్ కలర్‌కి పాత డిఫ్యూజ్, `ior` 1.76. అది తెలియని వ్యూయర్‌లో మెరుపు 0.04కి తగ్గుతుంది, రంగు మాత్రం చెడదు. పాత ఒరిజినల్స్ మాత్రం పారేయకండి, మెటాలిక్ నుంచి వెనక్కి వస్తే 0.076 దొరకదు.

రెండర్ రాజు: ఒప్పుకున్నా, ఆటోకి రాళ్లు లేవు. కానీ కొత్తగా చేరే పిల్లలంతా మెటల్-రఫ్‌లోనే పెయింట్ చేస్తున్నారు. రెండు రకాల ఒరిజినల్స్ ఎవరు మేపుతారు?

కొండాపూర్_కుర్రాడు: ఒక హారం శీను అన్న చెప్పినట్టు చేసి పంపాను. సైట్‌లో సూపర్. షాపు వాళ్ల ఫోన్ యాప్‌లో మాత్రం బంగారం బొగ్గులా ఉంది. యాప్ సంగతి ముందు చెప్పలేదు వాళ్లు. ముత్యాలకి `ior` ఎంత పెట్టాలో ఎవరికైనా తెలుసా? నావి 38 ముత్యాల సెట్లు ఉన్నాయి.