ఎల్లుండి హాస్టల్ ఇన్‌స్పెక్షన్, బాత్రూం గోడల మీద తెల్ల గార పోవట్లేదు. ఏం చేయాలి?

మా రూమ్ బాత్రూంని రెండు సెమిస్టర్లుగా ఎవరూ ముట్టుకోలేదు. బోరు నీళ్లు కదా, టైల్స్ మీద తెల్లటి గార పేరుకుపోయింది. గోటితో గీరితే సుద్దలా రాలుతుంది.

నిన్న రాత్రి నలుగురం దిగాం. ఒకడు ముందే బ్లీచింగ్ పౌడర్ చల్లాడు, అది కడగకుండానే నేను యాసిడ్ పోశాను. బుస్సుమని పొంగింది, ముక్కు పగిలే ఘాటు. దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాం. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని పక్క రూమ్ కెమిస్ట్రీ అన్న తిట్టి మరీ చెప్పాడు. తలుపు బార్లా తీసి గంట వదిలేసి, తర్వాత బకెట్లకొద్దీ నీళ్లు కొట్టాం. ఇప్పుడు ఎవరికీ దగ్గు లేదు.

నేల మెరుస్తోంది కానీ, యాసిడ్ పడ్డచోట టైల్స్ మధ్య సిమెంటు తినేసింది. కుళాయి చుట్టూ, గోడ కింది రెండు వరసల్లో గార అలాగే ఉంది. ఇక యాసిడ్ జోలికి పోను. వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టమని అమ్మ ఫోన్లో చెప్పింది. లీటరుకి ఎన్ని చెంచాలు వేయాలి, ఎంతసేపు ఉంచాలి? కుళాయి మెరుపు పోతుందా? గోడ మీద జారిపోకుండా ఎలా నిలబెడతారు? నలుగురి చందా కలిపితే వంద రూపాయలే ఉన్నాయి.