మేళాలో ఎగ్‌లెస్ కేకుల గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పమంటారు?

నల్లకుంట బేకరీ
వచ్చే శనివారం మా కాలనీ మేళాలో మా కొత్త ఎగ్‌లెస్ కేకులను పరిచయం చేయడానికి నాకు మూడు నిమిషాలు మైకు ఇస్తామన్నారు. వెనిలా, పైనాపిల్, చాక్లెట్ అని మూడు రకాలు సిద్ధం చేస్తున్నాము. ప్రసంగం మొదలు ఇలా రాసుకున్నాను: "గుడ్డు లేకపోయినా అదే రుచి, అదే మెత్తదనం, నూటికి నూరుపాళ్ళు శాకాహారం, అందరికీ సురక్షితం." గుడ్డు కేకులు కూడా మా వంటగదిలోనే తయారవుతాయి. ఇటువంటి సందర్భంలో మాట్లాడినవారు ఉంటే దయచేసి సరిదిద్దండి.

పాత ఓవెన్
నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్ళు కేకులు చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, "అదే మెత్తదనం" అన్న మాట తీసేయండి. గుడ్డు వేడికి గట్టిపడి కేకును లోపలి నుంచి పట్టి ఉంచుతుంది. అది లేనప్పుడు పెరుగు, సోడా కలిసి పుట్టించే గాలితో పిండి పొంగాలి, మైదాయే దాన్ని నిలబెట్టాలి. అందువల్ల ముక్క కొంచెం పొడిపొడిగా రాలుతుంది, మర్నాటికి ఇంకాస్త ఆరిపోతుంది. ఎదురుగా ముక్క నోట్లో పెట్టుకున్నవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. "పెరుగుతో పొంగిన కేకు, ఈ పూటే తినండి" అంటే అబద్ధం ఉండదు, వినేవారికి గుర్తూ ఉంటుంది.

శనివారం వ్రతం
మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు. పోయిన ఏడు మా అమ్మాయి పుట్టినరోజు సరిగ్గా శనివారమే పడింది. ఆమె కేకు కోసింది, మా అత్తగారు మాత్రం పక్కన నిలబడి చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. మీ ప్రసంగం ఇటువంటి ఇంటితో మొదలైతే మా వంటివారు ఆగి వింటారు. మేళా కూడా శనివారమే కదా.

పచ్చచుక్క
ఇంత ఆలోచన ఎందుకండీ? డబ్బా మీద పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారమని అర్థం. గుడ్డు పడనివారు కూడా దాన్ని చూసి నిశ్చింతగా తినవచ్చు.

పాత ఓవెన్
మొదటి సగం నిజం, రెండవది ప్రమాదం. ఆ చుక్క దినుసుల్లో ఏముందో చెబుతుంది; గుడ్డు సొన గిలక్కొట్టిన విస్కును సరిగ్గా కడగకుండానే ఈ పిండిలో ముంచారా అన్నది చెప్పదు. గుడ్డు తింటే దద్దుర్లు వచ్చే పిల్లవాడికి ఆ కొంచెమే ఎక్కువ కావచ్చు. కనుక "అందరికీ సురక్షితం" కూడా పోవాలి. ఇంకొక మాట, పైనాపిల్ కేకు మీద మెరిసే జెల్ డబ్బాను ఒకసారి తిప్పి చూడండి. అందులో జెలటిన్ ఉంటే అది జంతువుల నుంచి వచ్చేదే, అప్పుడు గుడ్డు లేకపోయినా ఆ కేకు శాకాహారం కాదు. జైన కుటుంబాలవారు ముందుగా అడిగే ప్రశ్న ఇదే.

కుక్కర్ కేకు
నాకు ఓవెన్ లేదు. కుక్కర్‌లో ఎగ్‌లెస్ కేకు చేయడానికి కొలత చెప్పగలరా?

మలక్‌పేట స్టాల్
ప్రశ్న పక్కదారి పట్టినా నా అనుభవం దీనికే దగ్గరగా ఉంది. ఒకటిన్నర కప్పుల మైదాకు కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె, చెంచాన్నర లోపు బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా నా కొలత. ఒక మేళాకు దీన్నే మూడు ట్రేలకు సరిపడా ఒకేసారి కలిపాను; ఓవెన్‌లో రెండే పట్టాయి. మూడవది దాదాపు ముప్పావుగంట బయటే ఉంది. పైన బుడగలు పగిలి పిండి నున్నగా అయిపోయినప్పుడే నేను గమనించవలసింది. కాల్చి కోస్తే అడుగున వేలెడు మందాన తడిగా, జిగురుగా ఒక పొర కనిపించింది, స్టేజీ మీద రుచి చూపించడానికి తీసిన ముక్కలు కూడా దురదృష్టవశాత్తూ దానివే. సోడా పెరుగును తాకగానే పని మొదలుపెడుతుంది కాబట్టి, ఓవెన్ వేడెక్కిన తరువాతే కలపండి, ఒక్కో ట్రేకు విడిగా కలపండి.

నల్లకుంట బేకరీ
జెల్ డబ్బా చూశాను, జెలటిన్ ఉంది. పైనాపిల్‌ను ఈ మేళాకు ఆపేశాను. ప్రసంగం ఇలా మార్చాను: "మీ ఇంట్లో పుట్టినరోజు శనివారం పడితే అమ్మమ్మ కూడా కేకు ముక్క తినాలని మేము వెనిలా, చాక్లెట్ కేకులు గుడ్డు లేకుండా, పెరుగుతో చేశాము. ఈ ఉదయం కాల్చినవి, ఈ పూటే తినండి. మా దగ్గర గుడ్డు కేకులు కూడా తయారవుతాయి కనుక గుడ్డు అలర్జీ ఉన్నవారు దయచేసి తినవద్దు." చివరి వాక్యం మైకులో చెబితే జనం వెనక్కి తగ్గుతారని మా తమ్ముడు అంటున్నాడు.

పచ్చచుక్క
బల్ల మీద బోర్డు పెట్టండి చాలు, మైకులో ఎందుకు?

పాత ఓవెన్
ముక్క అందుకునే పిల్లవాడు బోర్డు చదవడు. నేనైతే మైకులోనే చెబుతాను.

శనివారం వ్రతం
బోర్డే నయమని నాకూ అనిపిస్తున్నది. ఒక సందేహం మాత్రం ఉంది: గుడ్డు కేకు కోసిన కత్తితోనే ఇదీ కోస్తారా? మా అత్తగారు అడిగేది అదే.