అప్‌డేట్: జూన్ రిపోర్టులో 14 టన్నుల తేడా ఎక్కడిదో తేలింది

నా ప్రశ్న: "ఏప్రిల్, మే, జూన్ కూడితే 1,233 టన్నులు. ఇయర్ టు డేట్ కాలమ్‌లో మాత్రం 1,247 ఉంది. ఎందుకు?"

ఏప్రిల్ అంకె మొదట 412. తర్వాత రిటర్న్‌లు తీసేసి 398కి సవరించారు. మే 430, జూన్ 405. మా షీట్‌లో సంచిత మొత్తం "పోయిన నెల రిపోర్టులోని మొత్తం + ఈ నెల" అనే లెక్కతో వస్తోంది: 842 + 405. ఆ 842లో పాత 412 అలాగే కూర్చుంది. తేడా సరిగ్గా సవరణంతే ఉంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఇప్పుడు సవరించిన నెలలనే కూడి, రిపోర్టు మొత్తంతో పోలుస్తున్నాం. మూడు నెలల అంకెలు C5 నుంచి E5 వరకు, రిపోర్టుకు వెళ్లే మొత్తం F5లో ఉంటాయి, పక్క సెల్‌లో ఈ తనిఖీ:

```
=ROUND(SUM(C5:E5)-F5,2)
```

సున్నా రావాలి. F5లోనూ అదే SUM పెడితే ఎప్పుడూ సున్నానే వస్తుంది, తనిఖీ ఉత్తుత్తిదే. అందుకే F5లో లెడ్జర్ నుంచి విడిగా తీసిన మొత్తం వేస్తున్నాం.

అయినా ఒకటి దీనికి దొరకదు. ఏప్రిల్‌లో 14 తగ్గించి మేలో 14 పెంచాల్సి ఉండి, రెండూ షీట్‌లో ఎక్కకపోతే మొత్తం సరిపోతుంది, నెలలు మాత్రం తప్పు. కాబట్టి ప్రతి నెల అంకెనూ లెడ్జర్‌తో విడిగా పోల్చాల్సిందే.