తాత పెట్టెలో మ్యాపు: గుర్తులు పిల్లాడే విప్పాలా, నాయనమ్మ చెప్పొచ్చా?

పెరంబూరు అమ్మ:
మా తెలుగు సంఘం పత్రిక కోసం పిల్లల కథ ఒకటి రాశాను. పన్నెండేళ్ల అబ్బాయి, చెన్నైలోనే పుట్టాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. నెల్లూరు వైపు కరణం చేసిన తాత ట్రంకు పెట్టెలో చేత్తో గీసిన నిధి మ్యాపు దొరుకుతుంది. అందులో చెరువు కట్ట, గుడి, ఒక బండ, వాటి మధ్య గీతలు, గీతల మీద తెలుగు అంకెలు, కొన్ని వింత గుర్తులు ఉన్నాయి. నా డ్రాఫ్ట్‌లో నాయనమ్మ వచ్చి అన్నీ చదివి చెప్పేస్తుంది. అది మోసం, పిల్లాడే విప్పాలి అంటోంది మా ఫ్రెండ్. తెలుగు చదవడం రాని పిల్లాడు ఎలా విప్పుతాడు? మీరేమంటారు?

లెక్కపిచ్చి:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్. ఇది సంకేత లిపి. ఏ గుర్తు ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి, భాషలో ఏ అక్షరం ఎక్కువగా వాడతామో దానితో పోల్చాలి, అంతే. నాయనమ్మ అవసరమే లేదు.

అడయార్ నుంచి:
మ్యాపులో గుర్తులన్నీ కలిపి ఎన్నో అడగకుండానే చెప్పేశారు మీరు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా మామగారి పెట్టెలో ఒక కాగితం దొరికింది. అందులో ఒక గుర్తు పదే పదే ఉంది. పాత కాగితాలు చదువుతానని ఒకాయన రెండు వేలు తీసుకుని ‘ఇది చెరువు తూము, మీ పొలం తూము కిందే ఉంది’ అన్నాడు. రెండు నెలలు అన్నదమ్ములు పొలం గురించి మాట్లాడుకున్నారు. చివరికి మా పెద్దత్త చూసి ‘ధాన్యం అప్పు పద్దు రా ఇది, తూములూ కుంచాలూ’ అంది. పెద్దవాళ్లు ఉండగా అడక్కపోతే ఇలాగే అవుతుంది. నాయనమ్మ ఉండాల్సిందే.

కొత్త పాఠకుడు:
నిధి దొరికితే ఇంట్లో పెట్టుకోకూడదండీ. 1878 చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. కథలో ఆ ముక్క రాశారా?

పెరంబూరు అమ్మ:
@కొత్త పాఠకుడు, చివర్లో అవసరమైతే రాస్తాను, నా సమస్య ఇంకా మ్యాపు దగ్గరే ఉందండీ. @లెక్కపిచ్చి, అంకెలు పోను వింత గుర్తులు నాలుగే. ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, చెరువు కట్ట మీద తూము గుర్తు, గీతల పక్కన దువ్వెనలాంటి బొమ్మ.

కరణంగారి మనవడు:
నాలుగు గుర్తులతో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న లెక్క కుదరదు. ఆ పద్ధతికి పేజీల కొద్దీ రాత కావాలి. పైగా ఇవి అక్షరాలు కావు. కానీ లెక్కపిచ్చిగారు చెప్పిన దాంట్లో ఒకటి నిజం: ఒకే గుర్తు వేరే వేరే చోట్ల కనిపిస్తే, దాని అర్థాన్ని ఆ చోట్లే చెప్తాయి. అందుకే పెట్టెలో మ్యాపు ఒంటరిగా ఉండకూడదు. తాత చిట్టా పుస్తకం కూడా ఉండాలి. కరణం పెట్టెలో అది లేకపోతేనే వింత.

మా తాత చిట్టాలు నా దగ్గర మూడున్నాయి, వాటిని చూసే చెప్తున్నాను. పిల్లాడు ముందు పేజీ అంకెలు చూడాలి. పుస్తకం తెరిచి వరసగా లెక్కపెట్టుకుంటూ పోతే ఒకటి నుంచి తొమ్మిది దాకా, సున్నాతో సహా, పది పేజీల్లో తెలుగు అంకెలన్నీ వచ్చేస్తాయి. ఎవరూ నేర్పక్కర్లేదు.

తర్వాత గీతలు. మన పాత లెక్కల్లో పావుకి ఒక నిలువు గీత, అరకి రెండు, ముప్పావుకి మూడు. వీసానికి, అంటే పదహారో వంతుకి, ఒక అడ్డ గీత. వేగంగా రాసేటప్పుడు గీతలు కలిసిపోతాయి, అది వేరే బాధ. ఇది పిల్లాడికి చెప్పకండి, కూడికలు చూపించండి. ఒక పద్దులో ౩ పక్కన ఒక నిలువు గీత, కింద ౨ పక్కన రెండు గీతలు, మొత్తం దగ్గర ౫ పక్కన మూడు గీతలు. అక్కడ వాడికి గీతలు కూడుకుంటాయని తెలుస్తుంది. ఇంకో పద్దులో ౧ పక్కన మూడు గీతలు, ౨ పక్కన ఒకటి, మొత్తం ౪, గీతల్లేవు. ఒకటీ రెండూ మూడే కదా, నాలుగెలా అయింది? నాలుగు గీతలు కలిసి ఒక పూర్తి అంకె అయ్యాయి కాబట్టి. అంటే గీత పావు.

అడ్డ గీతకూ అదే దారి. ౫ పక్కన మూడు అడ్డ గీతలు, ౪ పక్కన ఒకటి, మొత్తం దగ్గర ౯ పక్కన ఒక నిలువు గీత. నాలుగు అడ్డాలు కలిస్తే ఒక నిలువు. పన్నెండేళ్ల పిల్లాడికి ఇది అందుతుంది. చదివే పిల్లలకు కూడా కథలో ఆ మూడు పద్దులూ కనిపించాలి, వాళ్లూ వాడితో పాటు కూడి చూసుకోవాలి. అలా చేస్తే మోసం మాటే రాదు.

లెక్కపిచ్చి:
ఒప్పుకుంటున్నాను, నాలుగు గుర్తులకు నా పద్ధతి పనికిరాదు. కానీ మీరు చెప్పిందాంట్లోనూ నాయనమ్మ లేదు కదా. నేనన్నదీ అదే.

పెరంబూరు అమ్మ:
చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మరి మ్యాపు మీద ఆ అంకెలు? నేను తూము నుంచి బండ దాకా ఉన్న గీత మీద ౭, పక్కన ఒక నిలువు గీత పెట్టాను. అడుగులు అనుకుని రాశాను.

కరణంగారి మనవడు:
అడుగులు వద్దు. పొలాలు కొలిచింది గొలుసుతో. ఒక గొలుసు 66 అడుగులు, వంద లింకులు. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది, దానికి పళ్లుంటాయి: పదికి ఒకటి, ఇరవైకి రెండు, అలా నలభై దాకా, సగం దగ్గర గుండ్రటి బిళ్ల. మీ దువ్వెన బొమ్మ సరిగ్గా ఆ బిళ్లే అయిపోతుంది. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ చాలా బాగుంది. పెట్టె అడుగున రెండు పళ్ల బిళ్ల ఒకటి ఉంచండి, బొమ్మా బిళ్లా పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. ఇంకో సంగతి, చెన్నై పిల్లాడికి 66 అడుగులు కొత్త కాదు. క్రికెట్ పిచ్‌లో వికెట్ నుంచి వికెట్‌కి 22 గజాలు, అదే ఒక గొలుసు.

ఇక్కడే వాడు తప్పు చెయ్యాలి. ౭ పక్కన నిలువు గీతని మొదట 71 అనుకుంటాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. 71 గొలుసులంటే 4686 అడుగులు, దాదాపు కిలోమీటరున్నర. తప్పని వాడికెలా తెలుస్తుంది? తూము నుంచి గుడికి ఇంకో గీత గీసి, దాని మీద ౧౨ పెట్టండి. కాగితం మీద ఆ గీత ఆరంగుళాలు. బండ గీత మూడున్నర కంటే కాస్త ఎక్కువ. పన్నెండు ఆరంగుళాలైతే డెబ్బై ఒకటి అంత చిన్నదెలా అవుతుంది? అప్పుడు స్కేలు పెట్టి కొలుస్తాడు, ఏడుంపావు దగ్గర సరిపోతుంది. అంటే నేల మీద 478 అడుగుల ఆరంగుళాలు.

ఒక్క అభ్యంతరం ఉంది. ఈ పావు, వీసం గీతలు డబ్బుకీ ధాన్యానికీ వాడేవి. గొలుసు కొలతను సర్వేవాళ్లు లింకుల్లో రాస్తారు, అంటే 725. తాత కావాలనే లెక్కల గీతలు గొలుసుకు వాడాడు, ఇంట్లోవాళ్లు తప్ప బయటివాళ్లు చదవకూడదని. ఆ మాట కథలో ఒక్క వాక్యమైనా ఉండాలి. లేకపోతే సర్వే తెలిసినవాళ్లకు నచ్చదు.

అడయార్ నుంచి:
మరి తూము? అది కూడా కూడికల్లో తేలుతుందా?

కరణంగారి మనవడు:
తేలదు. మీరన్నది అక్కడ నిజం. చిట్టాలో ఆ గుర్తు ధాన్యం పక్కనే ఉంటుంది, కాబట్టి పిల్లాడు ఎంత తెలివైనవాడైనా అది ఏదో కొలత అన్నంత వరకే పోగలడు. దాని పేరు తూము అనీ, చెరువులోంచి నీళ్లు వదిలే చోటుకీ అదే పేరనీ తెలుగు తెలిసిన మనిషి నోటి నుంచే రావాలి. కానీ నాయనమ్మకీ పూర్తిగా తెలియకూడదు. ఆమె చిట్టా చూసి ‘తూము రా, ధాన్యం కొలత’ అంటుంది. ‘కట్ట మీద ధాన్యం ఎందుకుంటుంది?’ అని వాడు అడగాలి. మ్యాపులో ఆ గుర్తు ఎక్కడుందో వాడే చూశాడు, ఆమె చూడలేదు. మీ మామగారి కాగితంలో జరిగిందానికి ఇది తిరగేసిన కథ.

లెక్కపిచ్చి:
నాకింకా ఒప్పుదల లేదు. ఆఖరి గుర్తు పెద్దవాళ్లు చెప్పాక మిగిలింది ఏముంది? అదే అసలు గుర్తు కదా. పెట్టెలో చెరువు మరమ్మతు కాగితం ఒకటి పెట్టొచ్చు, అందులో ఆ గుర్తు కట్ట పక్కన ఉంటుంది.

అడయార్ నుంచి:
కాగితం మీద కాగితం పెడితే అది పెట్టె కాదు, ఆఫీసు. చెన్నైలో మా పిల్లలు పదో తరగతి దాకా తమిళం తప్పనిసరిగా చదువుతారు, తెలుగు ఇంట్లో మాటగానే మిగిలింది. ఆ మాట నాయనమ్మ దగ్గరే ఉంది. ఆ అబ్బాయి ఆమెను అడిగే సీను తీసేస్తే నాకు ఆ కథ వద్దు.

కరణంగారి మనవడు:
అది మీరిద్దరూ తేల్చుకోండి. పెరంబూరు అమ్మగారూ, ఇంకా రెండు చూసుకోవాలి. కథ ఈ రోజుల్లో జరిగితే తాత కాదు, ముత్తాత అయితే నయం. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారణాలు కాబట్టి రూపాయిలో వీసమంటే అణా, ఈ గీతలు డబ్బుకి సహజంగా సరిపోయేవి. చిట్టా ఆ కాలానిదైతే మంచిది. ఆంధ్రలో కరణాలు 1984లో పోయారు. లేదా కథనే 1990ల్లో పెట్టండి.

పత్రికలో అచ్చు వేసేటప్పుడు ఈ గీతలు టైపు చెయ్యొచ్చు. 2008లో యూనికోడ్‌లో చేర్చారు, U+0C78 నుంచి U+0C7F దాకా, తూము గుర్తు ఆఖరిది. అన్ని ఫాంట్లలో ఉండవు, డబ్బాలు కనిపిస్తే చేత్తో గీసి ఫొటోగా పెట్టండి. ఈ కథకి అదే అందం కూడా.

పెరంబూరు అమ్మ:
మూడు పద్దులూ తెల్లకాగితం మీద రాసి ఏమీ చెప్పకుండా మా అబ్బాయికిచ్చాను. వాడికీ పన్నెండే. నిలువు గీతని ఇరవై నిమిషాల్లో పట్టుకున్నాడు. అడ్డ గీతని మైనస్ అనుకుని ‘ఐదు మైనస్ నాలుగు మైనస్, తొమ్మిదెలా?’ అని చాలాసేపు గింజుకున్నాడు. చివరికి నాలుగో పద్దు కావాలన్నాడు. కథలో కూడా నాలుగోది పెడుతున్నాను. ముత్తాత అని మార్చేశాను. నాయనమ్మ సీను ఉంచాలా తియ్యాలా ఇంకా తేల్చుకోలేదు, రెండు విధాలా రాసి చూస్తాను. ఒక్క సందేహం: మా అమ్మావాళ్ల ఊరి చెరువుకి తూములు రెండు. మ్యాపులో ఏ తూమో ఎలా తెలియాలి?

కరణంగారి మనవడు:
అందుకే గుడికి పన్నెండు గొలుసుల గీత. గుడి కదలదు కదా. రెండు తూముల దగ్గరి నుంచీ గుడి దాకా కొలిస్తే పన్నెండు ఒకదానికే సరిపోతుంది. కట్టకి మట్టి పోసి ఎత్తు చేసినా, తూము రాయి మార్చినా అడుగో రెండడుగులో తేడా వస్తుంది గానీ, ఒక తూము ఇంకో తూము అవ్వదు. రెండూ గుడికి సమాన దూరంలో లేకుండా మాత్రం గీయండి.