దక్షిణ కొరియాను ఏ సిద్ధాంతంతో వివరించాలి? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. తిరుపతిలో ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. గురువారం సెమినార్, ఒక్కచోట ఆగిపోయి టెన్షన్‌గా ఉంది.

ఆధునికీకరణ సిద్ధాంతంలో ఆర్థికవేత్త రోస్టో 1960లో చెప్పింది అర్థమైంది. పెట్టుబడి జాతీయాదాయంలో 5 శాతం నుంచి 10 శాతం దాటితే దేశం పుంజుకుంటుంది, అడ్డంకులు ప్రధానంగా లోపలే ఉంటాయి అంటాడు. పరాధీనతా సిద్ధాంతం మాత్రం మా చిత్తూరు తోతాపురి వల్లే బుర్రకెక్కింది. కాయ ధర రైతు చెప్పడు, గుజ్జు ఫ్యాక్టరీ చెబుతుంది. ముడిసరుకు అమ్మే దేశాలదీ ఇలాంటి స్థితే. ఆ సరుకుల ధరలు, కొనాల్సిన యంత్రాల ధరలతో పోలిస్తే కాలక్రమంలో పడిపోతాయని ఆర్థికవేత్త ప్రెబిష్ 1950లో వాదించాడు.

మరి కొరియా? జపాన్ వలస పాలనలో బియ్యం పంపిన దేశం ఓడలు, కార్లు అమ్మే స్థాయికి వచ్చింది. కాబట్టి పరాధీనత శాశ్వతం కాదు. అలాగని రోస్టో గెలిచాడనీ అనలేను. అక్కడ భూసంస్కరణలు జరిగాయి, అమెరికా సాయం అందింది. 1960ల్లో బ్యాంకులు ప్రభుత్వం చేతిలో ఉండేవి, బాగా ఎగుమతి చేసిన కంపెనీలకు చౌకగా అప్పులిచ్చేవి.

ఈ ప్రభుత్వ పాత్రను ఏ సిద్ధాంతం కింద పెట్టాలి? సోషియాలజిస్టు కార్డోసో చెప్పిన ‘పరాధీనతలోనే అభివృద్ధి’, అంటే విదేశీ పెట్టుబడి మీద ఆధారపడుతూనే పరిశ్రమలు పెరగడం, కొరియాకు సరిపోతుందా, లేక బ్రెజిల్ లాంటి దేశాలకేనా?